480 మంది పాల రైతుల కామెంట్లు: అంశాలుగా విడదీసి, లెక్క సరిగ్గా చెప్పడం

ప్రశ్న: మాది పాల ఉత్పత్తిదారుల సంఘం. మా సూపర్‌వైజర్లు ఎనిమిది మంది, తలా 60 మంది చొప్పున 480 మంది రైతులను పాల కేంద్రాల దగ్గర సర్వే చేశారు. చివర్లో "సంఘం గురించి ఇంకేమైనా చెప్తారా?" అని అడిగి, వాళ్లు చెప్పింది ఫోన్లో రాసుకున్నారు. ఆ షీట్ పేర్లు తీసేసి ఇక్కడ అప్‌లోడ్ చేశాను. "రైతులు ఏమనుకుంటున్నారో ఒక్క పేజీలో చెప్పు" అని మేనేజర్ గారు అడుగుతున్నారు. ఎక్కువసార్లు వచ్చిన పదాలు లెక్కపెట్టి పర్సెంటేజీలు వేస్తే సరిపోతుందా?

సమాధానం:

సరిపోదండీ. పదాలను వదిలేసి మనుషులను లెక్కపెట్టండి. ఒక్కో కామెంట్ చదివి, అందులో ఏయే అంశాలు ఉన్నాయో పక్క కాలమ్‌లలో 1 వేసి, "ఈ అంశం ఎత్తినవాళ్లు ఇంతమంది" అని చెప్పాలి. పర్సెంటేజీ వేయొచ్చు కానీ, ఎంతమందిలో అన్నది దాని పక్కనే ఉండాలి. ఇంకో మాట. "రైతులు ఏమనుకుంటున్నారు" అన్నదానికి ఈ కాలమ్ జవాబు చెప్పలేదు. "ప్రత్యేకంగా అడగకుండానే ఎవరెవరు ఏ విషయం ఎత్తారు" అన్నంత వరకే చెప్పగలదు. ఈ రెండింటికీ తేడా ఎంతుందో కింద చెప్తాను.

మీ షీట్ తెరిచి చూశాను. నేను స్వచ్ఛంద సంస్థలకు, ఇలాంటి సంఘాలకు సర్వే కామెంట్లు విడదీసి పెట్టే పనిలోనే ఉంటాను కాబట్టి, మీ ఫైల్‌నే ఉదాహరణగా తీసుకుంటాను.

ముందు పదాల సంగతి. `=COUNTIF(E:E,"*ఫ్యాట్*")` అని కొడితే ఎక్సెల్ ఒక సంఖ్య ఇస్తుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ మీ సూపర్‌వైజర్లలో ఒకరు ఫ్యాట్ అని, ఒకరు ఫాట్ అని, ఇంకొకరు వెన్నశాతం అని రాశారు. ఇద్దరు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టారు. అవన్నీ ఆ లెక్కలోకి రావు. పైగా "ఫ్యాట్ విషయంలో మాకు ఇబ్బంది లేదు" అన్న రైతు కూడా ఫిర్యాదు చేసినవాళ్లలో కలిసిపోతాడు. మన భాషలో 'కాదు', 'లేదు' చాలాసార్లు క్రియలోనే కలిసి ఉంటాయి, అవి ఎక్కడో వాక్యం చివర వస్తాయి. కాబట్టి పదం దొరికినంత మాత్రాన మనిషి ఏమన్నాడో తెలియదు. వెతుకులాట పనికిరాదని కాదు. మొత్తం చదివి అయిపోయాక, ఏదైనా వదిలేశామా అని చూసుకోవడానికి బాగా పనికొస్తుంది.

మొదటి పని: కామెంట్ కానివాటిని పక్కకు తీయడం

అసలు కామెంట్ ఉన్న కాలమ్‌ను ముట్టుకోకండి. స్పెల్లింగ్ కూడా దిద్దొద్దు. పక్కన కొత్త కాలమ్ పెట్టి, ప్రతి వరుస ఏ రకమో రాయండి. ఫిల్టర్ వేసి నేను చూసినంతలో మీ 480 ఇలా విడిపోతున్నాయి. పూర్తి ఖాళీ 71. "ఏమీ లేదు", "చెప్పేదేం లేదు" లాంటివి 124. "బాగుంది", "అంతా బాగుంది" అని మాత్రమే ఉన్నవి 58. ఏదో ఒక విషయం చెప్పినవి 227.

ఖాళీకి, "ఏమీ లేదు"కి తేడా ఉంది. "ఏమీ లేదు" అంటే రైతును అడిగారు, ఆయన చెప్పేది లేదన్నాడు. ఖాళీ అంటే అసలు అడిగారో లేదో తెలియదు. మీ 71 ఖాళీల్లో 44 ఒకే సూపర్‌వైజర్‌వి. ఆయన చేసిన 60లో 44 ఖాళీ అంటే, రైతులు మాట్లాడలేదని నేను అనుకోను. సాయంత్రం పాలు పోసే టైమ్‌లో తొందరగా ముగించి ఉంటాడు. ఆ 44 మందికి ఫోన్ చేసి ఆ ఒక్క ప్రశ్నా అడిగించగలిగితే మంచిది, ఆయనతో కాకుండా వేరేవాళ్లతో. వీలు కాకపోతే, పేజీలో ఒక్క వాక్యం రాయండి: "44 మందిని ఈ ప్రశ్న అడగలేదని అనుమానం." ఆ ఊళ్లను మాత్రం "ఫిర్యాదులు తక్కువగా ఉన్న ఊళ్లు" అని ఎక్కడా రాయకండి.

ఇక "బాగుంది" అన్న 58 మంది. వీళ్లను సంతృప్తి చెందినవాళ్లుగా లెక్కవేయాలని మేనేజర్‌కు అనిపిస్తుంది. అడిగింది ఎవరు? సంఘం సూపర్‌వైజరే. ఎక్కడ? పాల కేంద్రంలో, సెక్రటరీ పక్కనే. అక్కడ "బాగుంది సార్" అనడం మర్యాద కూడా కావచ్చు. మీ షీట్‌లోనే దీనికి ఒక పరీక్ష ఉంది. పైన 1 నుంచి 5 వరకు మార్కులు వేయమన్న ప్రశ్న ఉంది కదా, ఈ 58 మంది అక్కడ ఎంత వేశారో చూడండి. రెండో మూడో వేసి కింద "బాగుంది" అన్నవాళ్లు కనిపిస్తున్నారు. అందుకే "వివరం లేకుండా బాగుంది అన్నవారు: 58" అని విడిగా ఒక వరుస పెట్టండి. అటు పొగడ్తల్లోనూ ఇటు ఫిర్యాదుల్లోనూ కలపొద్దు.

అంశాలు పెట్టడం: పరిష్కారం వేరైతే అంశం వేరు

మిగిలిన 227ను వరుసగా చదవకండి. వరుసగా చదివితే మొదటి ఊరి గొడవే మనసులో నాటుకుపోయి, తర్వాతవన్నీ అదే కళ్లతో చూస్తాం. పక్క కాలమ్‌లో `=RAND()` వేసి, ఆ సంఖ్యలను విలువలుగా పేస్ట్ చేసి, దాని ప్రకారం సార్ట్ చేస్తే వరుస కలిసిపోతుంది. అందులో మొదటి 60 చదివి అంశాల జాబితా తయారు చేయండి. నేనూ అదే చేశాను.

జాబితా తయారుచేసేటప్పుడు అందరూ మొదట చేసేది పెద్ద సంచులు పెట్టడం: డబ్బు, సేవలు, సిబ్బంది, ఇతరాలు. మీ ఫైల్‌లో "డబ్బు" అనే సంచిలో వేయగల మూడు కామెంట్లు చూడండి.

"ప్రైవేటోడికి పోస్తే 7 వస్తది, ఈడ 6 సూపిస్తరు."
"దాణా రేటు పెరిగింది, పాల రేటు అట్లనే ఉంది."
"బిల్లు టైముకు పడ్తలేదు."

మూడూ డబ్బు గురించే. కానీ మొదటిది వెన్న పరీక్ష మీద అపనమ్మకం, దాన్ని సరిచేయాల్సింది కేంద్రంలోని మిషన్ దగ్గర. రెండోది రేటు చార్టు, అది బోర్డు తీసుకునే నిర్ణయం. మూడోది అకౌంట్స్ వాళ్ల పని. మూడింటినీ కలిపి "డబ్బు విషయంలో అసంతృప్తి" అని రాస్తే, మేనేజర్ వెంటనే "రేటు పెంచమంటారు, అంతేగా" అంటారు, పేజీ మూసేస్తారు. అందుకే నా కొలత ఇది: రెండు కామెంట్లకు బాధ్యులు వేరైతే, లేదా చేయాల్సిన పని వేరైతే, అవి రెండు అంశాలు. మాటలు వేరుగా ఉన్నా పని ఒకటే అయితే ఒకే అంశం. "డాక్టరు వస్తలేడు", "సూదేసేటోడు ఫోనెత్తడు" రెండూ పశువైద్యం అందకపోవడమే.

ప్రతి అంశానికీ రెండు మూడు వాక్యాల నిర్వచనం రాసుకోండి. ఏది అందులోకి వస్తుంది, ఏది వస్తున్నట్టు కనిపించినా రాదు అన్నది ఉండాలి. మీ ఫైల్‌కు నేను రాసిన ఒకటి:

"వెన్న పరీక్ష మీద అపనమ్మకం: మిషన్ తక్కువ చూపిస్తోందని, మనిషిని బట్టి మారుతోందని, వేరే చోట ఎక్కువ వస్తోందని అన్నవి. స్లిప్పు ఇవ్వడం లేదు అన్నదీ ఇందులోకే వస్తుంది. వెన్న శాతానికి ఇచ్చే రేటు చాలదు అన్నది రాదు, అది రేటు కిందికి వెళ్తుంది."

ఇంత రాసినా కొన్ని తేలవు. "ఫ్యాట్ సరిగా వస్తలేదు" అని మీ ఫైల్‌లో పదే పదే ఉంది. మిషన్ సరిగా చూపించడం లేదంటున్నాడా? తన గేదె పాలలోనే వెన్న తగ్గింది, మంచి దాణానో మినరల్ మిక్స్చరో ఇప్పించమంటున్నాడా? రెండు రకాలుగానూ ఆ మాట అంటారు. ముందు వెనకల్లో ఆధారం లేకపోతే ఊహించకండి. "ఫ్యాట్, ఏ అర్థమో తేలనివి" అని ఒక కాలమ్ పెట్టి అందులో వేయండి. తేలనివాటిని మనకు నచ్చిన అంశంలోకి తోస్తే ఆ అంశం దొంగతనంగా పెరుగుతుంది. ఎంత తేలలేదో చెబితే చదివేవాళ్లకు కింది హద్దు, పై హద్దు రెండూ దొరుకుతాయి.

"ఇతరాలు" కాలమ్ మీద ఒక కన్నేసి ఉంచండి. అందులో ఒకే రకం మాట నాలుగైదు సార్లు కనిపిస్తే దానికి విడిగా అంశం పెట్టాలి. అప్పుడు పాత వరుసలకు వెనక్కి వెళ్లి మళ్లీ చూడాలి. విసుగే, కానీ తప్పదు.

లెక్క: ఒకే అంశానికి మూడు పర్సెంటేజీలు

నేను చదివిన 60 మందిలో వచ్చిన లెక్క ఇది. వెన్న పరీక్ష మీద అపనమ్మకం 17, ఫ్యాట్ గురించే కానీ తేలనివి 6, రేటు 14, బిల్లు ఆలస్యం 11, దాణా 9, పశువైద్యం 8, ఇతరాలు 10. కూడితే 75 వస్తుంది. మనుషులు 60 మందే. ఒక్కొక్కరు రెండు విషయాలు చెప్పారు కాబట్టి తేడా, ఇందులో తప్పేం లేదు.

ఇప్పుడు 17ను పర్సెంటేజీ చేయండి. 75 ప్రస్తావనల్లో 17 అంటే 23 శాతం. విషయం చెప్పిన 60 మందిలో 17 అంటే 28 శాతం. ఇదే నిష్పత్తి 227 మందికీ ఉందనుకుంటే సుమారు 64 మంది, అంటే సర్వే చేసిన 480లో 13 శాతం. 13, 23, 28. మూడూ లెక్క ప్రకారం సరైనవే. సంఘాన్ని తిట్టాలనుకున్నవాళ్లు 28 ఎత్తుకుంటారు, కాపాడాలనుకున్నవాళ్లు 13. కింద ఉన్న సంఖ్య చెప్పకుండా పర్సెంటేజీ ఒక్కటే ఇస్తే మనం ఎవరో ఒకరి పక్షం తీసుకున్నట్టే.

నేను రాస్తే ఇలా రాస్తాను: "480 మందిలో 227 మంది ఏదో ఒక విషయం చెప్పారు. వారిలో ఇంతమంది వెన్న పరీక్ష మీద అపనమ్మకం చెప్పారు." ముందు మనుషుల సంఖ్య, తర్వాత కావాలంటే పర్సెంటేజీ. ప్రస్తావనల మీద పర్సెంటేజీ మాత్రం వేయొద్దు. అక్కడ ఎక్కువ మాట్లాడినవాళ్లకు ఎక్కువ ఓట్లు పడతాయి.

పెద్ద శీర్షిక కింద చిన్న అంశాలు కలిపేటప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంది. వెన్న పరీక్ష 17, రేటు 14, బిల్లు 11, కలిపి "చెల్లింపుల గురించి 42 మంది" అని రాసేస్తారు. వరుసల వారీగా చూస్తే ఈ మూడింటిలో ఏదో ఒకటైనా చెప్పినవాళ్లు 33 మందే. మిగతా తొమ్మిది, ఒకే మనిషి రెండు చోట్ల లెక్కకు రావడం. మూడు అంశాలూ F, G, H కాలమ్‌లలో ఉంటే, పక్కన ఇది వేసి కిందికి లాగండి:

```
=IF(SUM(F2:H2)>0,1,0)
```

ఈ కాలమ్‌ను కూడితేనే మనుషులు వస్తారు.

పైన చెప్పినవన్నీ 60 కామెంట్ల మీద వేసిన లెక్క. దాన్ని పేజీలో పెట్టకండి. 227 పెద్ద సంఖ్యేం కాదు, మొత్తం చదవండి.

ఒకరి చెయ్యా, ఊరి మాటా?

మీ కామెంట్లు రైతులు రాసినవి కావు. రైతు చెప్పింది సూపర్‌వైజర్ రాశాడు. అందుకే ప్రతి అంశాన్నీ సూపర్‌వైజర్ వారీగా, ఊరి వారీగా పివట్ టేబుల్ వేసి చూడాలి. ఇది చేయకుండా పేజీ రాయొద్దు.

నా 60లో దాణా గురించి 9 ఉన్నాయని చెప్పాను కదా. అందులో 7 ఒకే సూపర్‌వైజర్‌వి, ఏడింటిలోనూ "దాణా సబ్సిడీ మీద ఇవ్వాలి" అని అక్షరం మారకుండా ఉంది, ఆయన తిరిగిన అన్ని ఊళ్ల నుంచీ. ఏడుగురు రైతులు అదే వాక్యం చెప్పరు. ఆయన విన్నది కుదించి అలా రాసి ఉండొచ్చు, లేదా "దాణా సబ్సిడీ కావాలా?" అని తనే అడిగి ఉండొచ్చు. ఎలాగైనా ఆ 7ను మిగతా 2తో సమానంగా చూడలేను. తీసేయమని కాదు, "దాణా 9, అందులో 7 ఒకే సూపర్‌వైజర్ నమోదు చేసినవి" అని రాయమంటాను.

వెన్న పరీక్ష సంగతి వేరు. ఆ 17లో 9 రెండే ఊళ్ల నుంచి వచ్చాయి. ఆ రెండూ ఒకే సూపర్‌వైజర్ చేశాడు, కాబట్టి మొదట అదే అనుమానం వచ్చింది. కానీ మాటలు ఒక్కలా లేవు. ఒకాయన ప్రైవేటు డెయిరీతో పోల్చాడు. ఒకామె పొద్దున ఒక రకంగా, మాపున ఒక రకంగా చూపిస్తున్నారంది. ఇంకొకరు స్లిప్పు ఇవ్వరన్నారు. అదే సూపర్‌వైజర్ తిరిగిన మూడో ఊళ్లో ఈ అంశమే లేదు. అంటే ఇది ఆయన చేతిరాత కాదు, ఆ రెండు కేంద్రాల్లో ఏదో ఉంది. "28 శాతం మందికి వెన్న పరీక్ష మీద నమ్మకం లేదు" అన్న వాక్యం కన్నా "ఈ అంశం సగానికి పైగా రెండు కేంద్రాల నుంచే వచ్చింది" అన్న వాక్యం మీ మేనేజర్‌కు ఎక్కువ ఉపయోగం. నన్నడిగితే మీ ఫైల్‌లో ఉన్న అసలు సంగతి ఇదే.

ఇంకొకరితో చదివించడం

మీరు ఒక్కరే అంశాలు వేస్తే, అవి మీ అభిప్రాయాలు కూడా కావచ్చు. నిర్వచనాల కాగితం ఇచ్చి, మీరు వేసిన 1లు చూపించకుండా, ఆఫీసులో ఇంకొకరితో 50 కామెంట్లకు వేయించండి. ఇద్దరివీ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇక్కడ చాలామంది "90 శాతం కలిసింది" అని సంతోషపడతారు. పశువైద్యం అంశానికి మీరు 6 కామెంట్లలో, ఆ రెండోవారు 7 కామెంట్లలో 1 వేశారనుకుందాం. ఇద్దరూ కలిసి వేసినవి 4. అంటే 50లో 45 చోట్ల ఒకే మాట, 90 శాతం. కానీ అందులో 41 ఇద్దరూ ఏమీ వేయనివి, పశువుల ఊసే లేని కామెంట్లు. కనీసం ఒకరైనా 1 వేసిన 9 కామెంట్లలో ఇద్దరూ కలిసింది నాలుగే. అంటే ఆ నిర్వచనం ఇంకా సరిగ్గా కుదరలేదని అర్థం. యాదృచ్ఛికంగా కలిసేవాటిని తీసేసి లెక్కవేయడానికి జేకబ్ కోహెన్ 1960లో ఇచ్చిన కప్పా అనే కొలత ఉంది. పరిశోధన పత్రం రాసేవాళ్లకు అది అవసరం. మీకు, ఒకరైనా 1 వేసినవాటిలో ఇద్దరూ ఎన్నింట్లో కలిశారన్నది చూస్తే చాలు. కలవని 5 కామెంట్లూ ఇద్దరూ కూర్చుని చదివితే, "సూది మందు ఖర్చు ఎక్కువైంది" అన్నది పశువైద్యమా, ఖర్చా అన్న దగ్గరే తేడా వచ్చిందని తెలుస్తుంది. నిర్వచనంలో ఒక వాక్యం కలిపి, ఆ అంశం వరకు మొత్తం మళ్లీ చూసుకోండి.

చెప్పనివాళ్ల సంగతి

మొదట్లో అన్న మాటకు వస్తాను. 227లో 30 మంది బిల్లు ఆలస్యం గురించి చెప్పారనుకుందాం. మిగతా 197 మందికి బిల్లులు సమయానికి పడుతున్నాయా? తెలియదు. ఆ నిమిషానికి వాళ్లకు అది గుర్తుకు రాలేదంతే.

ఇది ఎంత తేడా తెస్తుందో అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ వాళ్లు 2008 అధ్యక్ష ఎన్నికల తర్వాత చేసిన సర్వేలో కనిపిస్తుంది. ఓటు వేసేటప్పుడు మీకు అన్నిటికన్నా ముఖ్యమైన అంశం ఏది అని, కొందరికి జాబితా ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా అడిగారు. జాబితాలో ఆర్థిక వ్యవస్థ అని ఉన్నప్పుడు 58 శాతం దాన్ని ఎంచుకున్నారు. జాబితా లేకుండా అడిగినప్పుడు తమంతట తాము ఆ మాట అన్నది 35 శాతమే. ప్రశ్న ఒకటే, అడిగిన తీరు మాత్రమే వేరు.

ప్రశ్న వాలు కూడా చూసుకోవాలి. ఒక ప్రైవేటు స్కూలు తల్లిదండ్రులను "ఇంకా ఏమేం మెరుగుపరచాలి?" అని అడిగి, వచ్చినవన్నీ ఫిర్యాదులే అని టెన్షన్ పడి నా దగ్గరికి వచ్చింది. అడిగింది లోపాల గురించి, వచ్చినవీ లోపాలే. మీ ప్రశ్నలో ఆ వాలు లేదు, అది మంచిదే. కానీ మీ సర్వేలో ఇంకో పెద్ద ఖాళీ ఉంది. మీరు అడిగింది ఇవాళ కేంద్రానికి పాలు తెచ్చినవాళ్లను. ఫ్యాట్ నచ్చకో బిల్లు నచ్చకో ప్రైవేటు డెయిరీకి మళ్లిపోయినవాళ్లు ఆ క్యూలో లేరు. ఎక్కువ కోపం ఉన్నవాళ్లే మీ 480లో లేరన్నమాట. అందుకని ఈ సంఖ్యలను "మొత్తం సభ్యుల అభిప్రాయం" అనకండి. ప్లస్ ఆర్ మైనస్ ఇంత శాతం అని మార్జిన్ కూడా రాయొద్దు. అది సభ్యుల జాబితాలోంచి లాటరీ పద్ధతిలో ఎంచుకున్న సర్వేకు వర్తిస్తుంది, మీది అలాంటిది కాదు.

లెక్కతో పనిలేనివి

ఒక కామెంట్‌లో కేంద్రంలోనే పాలలో నీళ్లు కలుపుతున్నారని ఉంది. ఒక్కరే అన్నారు. 227లో 1 అంటే సగం శాతం కూడా కాదు, టేబుల్‌లో పెడితే "ఇతరాలు"లో మునిగిపోతుంది. ఇలాంటివాటిని టేబుల్‌లోంచి తీసి, పేజీతో కాకుండా విడిగా మేనేజర్ గారికి నేరుగా చెప్పండి. అది నిజమని చెప్పడం లేదు, చూడాల్సిన విషయమని మాత్రమే. ఊరి పేరుతో సహా అందరికీ వెళ్లే పేజీలో వేస్తే అన్నవాళ్లెవరో సెక్రటరీ ఒక్క పూటలో కనిపెట్టేస్తాడు.

పేజీలో పెట్టే మిగతా మాటలకూ ఇదే జాగ్రత్త కావాలి. మీరు పేర్లు తీశారు కానీ ఊరు, ఆవుల సంఖ్య, పోసే లీటర్లు షీట్‌లో అలాగే ఉన్నాయి. చిన్న ఊళ్లో "నాలుగు జెర్సీ ఆవులున్నయి నాకు" అన్న ఒక్క మాట చాలు మనిషిని గుర్తుపట్టడానికి. ఇక్కడ అప్‌లోడ్ చేసిన షీట్ కూడా తీసేసి, ఆ కాలమ్‌లు లేకుండా మళ్లీ పెట్టండి. ఇది ఇవాళే చేయండి.

ఉదాహరణగా ఇచ్చే మాటల్లో ఘాటైనవి కాకుండా, ఆ అంశంలో ఎక్కువమంది అన్న తీరుకు దగ్గరగా ఉన్నవి ఎంచుకోండి. అంశానికి ఒకటి చాలు, రైతు యాసలోనే ఉంచండి.

పేజీ ఎలా ఉండాలంటే, పైన రెండు వాక్యాల్లో ఎవరిని ఎక్కడ ఎవరు అడిగారు. ఆ కింద 480 ఎలా విడిపోయింది: ఖాళీ, ఏమీ లేదు, బాగుంది, విషయం చెప్పినవి. తర్వాత అంశాల టేబుల్, మనుషుల సంఖ్యతో, "ఒకరు ఒకటికన్నా ఎక్కువ అంశాలు చెప్పి ఉండొచ్చు, మొత్తం 227 దాటుతుంది" అన్న ఒక్క వాక్యంతో. తేలనివి ఎన్నో ఒక వరుస. చివర్లో రెండు కేంద్రాల విషయం. మేనేజర్ గారు పర్సెంటేజీ కావాలని పట్టుబడితే 227 మీద వేసి, టేబుల్ తలపైనే "విషయం చెప్పిన 227 మందిలో" అని రాయండి. గుండ్రంగా ముక్కలు చూపే పై చార్ట్ వేయకండి. అందులో ముక్కలన్నీ కలిపి నూరు కావాలి, మీ అంశాలు కలిపితే నూరు దాటుతాయి. అడ్డగీతల బార్ చార్ట్ చాలు.

ఇంకో చిన్న విషయం. షీట్‌ను CSVగా దించి నేరుగా ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు అక్షరాలు పిచ్చి గుర్తులుగా మారొచ్చు. `.xlsx`గా దించుకోండి, లేదా ఎక్సెల్‌లో `Data` > `From Text/CSV` ద్వారా తెచ్చి, `File Origin` దగ్గర `65001: Unicode (UTF-8)` ఎంచుకోండి. కామెంట్ ముందు మైనస్ గుర్తు ఉంటే ఎక్సెల్ దాన్ని ఫార్ములా అనుకుని `#NAME?` చూపిస్తుంది. మీ ఫైల్‌లో అలాంటివి మూడు కనిపించాయి, వాటిని ఖాళీల్లో కలిపేయకుండా అసలు మాట చూసి వేయండి.

ఇంత చేసినా ఆ రెండు కేంద్రాల్లో మిషన్ నిజంగా తక్కువ చూపిస్తోందా అన్నది కామెంట్లు తేల్చలేవు. నమ్మకం లేదన్నవాళ్లు ఎంతమందో మాత్రమే మీకు తెలిసింది. అది తేలాలంటే అక్కడి కొన్ని పాల శాంపిళ్లను రెండుగా పంచి, ఒక భాగాన్ని కేంద్రం మిషన్‌లోనూ రెండో భాగాన్ని ల్యాబ్‌లో గెర్బర్ పద్ధతిలోనూ పరీక్ష చేయించాలి. పంచేటప్పుడు రైతులను పక్కనే నిలబెట్టుకోండి.